ట్రయిల్ మెయిల్ పైన ఆ నాలుగు ముక్కలు: పొడవాటి చైన్‌ని ఫార్వర్డ్ చేస్తే అవతలివాళ్లకి నిజంగా ఏం చేరుతుంది?

"సార్, కింది ట్రయిల్ మెయిల్ చూసి మీ అప్రూవల్ ఇవ్వగలరు." విశాఖలో పోర్టు చుట్టూ ఉన్న క్లియరింగ్, షిప్పింగ్, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో రోజూ ఎన్నోసార్లు వెళ్లే మెయిల్ ఇది. పైన ఈ ఒక్క లైను, కింద ఇరవై మెయిళ్లు. అందుకున్న మనిషి ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో కారులో కూర్చుని ఫోన్‌లో తెరుస్తాడు, రెండుసార్లు స్క్రోల్ చేస్తాడు, "ఆఫీసుకి వెళ్లాక చూద్దాం" అనుకుంటాడు. సాయంత్రానికి పంపినవాళ్లు ఫోన్ చేసి "సార్, మెయిల్ పెట్టాం కదా" అంటారు. పెట్టారు, నిజమే. కానీ ఏం పెట్టారు, ఏం చేరింది అన్నదాని మీద ఇద్దరి లెక్కా వేరు.

దీని మీద ఆఫీసుల్లో రెండు రకాల మాటలు వింటుంటాం. పైన చిన్న సారాంశం రాసి పంపడం కనీస మర్యాద అని కొందరు, చైన్ మొత్తం ఉన్నాక మళ్లీ రాయడం దేనికి, రాస్తే తప్పు రాసే ప్రమాదం కూడా ఉంది కదా అని ఇంకొందరు. రెండో మాటని తేలిగ్గా తీసేయలేం, దాని దగ్గరికి వద్దాం. ముందు చెప్పాల్సింది వేరే ఉంది. చాలామంది దీన్ని ఓపిక సమస్యగా, బద్ధకం సమస్యగా చూస్తారు. నా దృష్టిలో అసలు సంగతి అది కాదు. ఎంత ఓపిక ఉన్నవాడైనా, ఫార్వర్డ్ అయి వచ్చిన చైన్‌లోంచి పూర్తి విషయం తవ్వి తీయలేని సందర్భాలు చాలా ఉన్నాయి, ఎందుకంటే ఆ చైన్‌లో అది ఉండకపోవచ్చు.

## చైన్ అంటే ఏంటి, ఫార్వర్డ్ చేస్తే ఏది కదులుతుంది

మనం రిప్లై కొట్టినప్పుడు మెయిల్ ప్రోగ్రాం పాత మెయిల్‌లోని రాతను కాపీ చేసి మన మాటల కింద అతికిస్తుంది. అవతలివాళ్లు మళ్లీ రిప్లై ఇస్తే రెండూ కిందికి జరుగుతాయి. ఇలా పేరుకుపోయిన కాపీల దొంతరే మన ఆఫీసుల్లో ట్రయిల్ మెయిల్ అనేది. కొత్తది పైన, పాతది అడుగున. కథ తెలియని మనిషి దీన్ని చదవడమంటే సీరియల్‌ని ఆఖరి ఎపిసోడ్ నుంచి వెనక్కి చూడటమే, మధ్య మధ్యలో ప్రతిదాని కిందా కంపెనీ లోగో, అడ్రసు, "ఈ మెయిల్ గోప్యమైనది" అనే పేరా అడ్డం వస్తాయి.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. మన స్క్రీన్ మీద కనిపించే సంభాషణ వేరు, ఆఖరి మెయిల్ కింద అతికి ఉన్న దొంతర వేరు. జీమెయిల్ లాంటివి ఒకే విషయం మీద వచ్చిన మెయిళ్లన్నిటినీ, ఎవరు ఎవరికి రిప్లై ఇచ్చారన్నది పక్కనపెట్టి, వచ్చిన సమయం ప్రకారం ఒకే వరసలో చూపిస్తాయి. చూస్తున్నవాళ్లకి అది ఒకే తాడులా కనిపిస్తుంది. కానీ ఒకే మెయిల్‌కి ఇద్దరు విడివిడిగా రిప్లై ఇస్తే అక్కడ చైన్ రెండు కొమ్మలవుతుంది. ఒక కొమ్మ చివరి మెయిల్ కింద రెండో కొమ్మలోని మాటలు ఉండవు. మీరు ఆ చివరి మెయిల్ తెరిచి ఫార్వర్డ్ కొడితే వెళ్లేది ఆ ఒక్క కొమ్మే. మీ స్క్రీన్ మీద అన్నీ ఉన్నాయి కాబట్టి అన్నీ వెళ్లాయనే నమ్మకంతో ఉంటారు.

అటాచ్‌మెంట్ల సంగతి కూడా ఇంతే. రిప్లై ఇచ్చినప్పుడు పాత మెయిల్‌లోని ఫైళ్లు సాధారణంగా వెంట రావు, రాత మాత్రమే వస్తుంది. ఫార్వర్డ్ చేసినప్పుడు వెళ్లేవి మీరు తెరిచిన ఆ మెయిల్‌కి ఉన్న ఫైళ్లే. అంచేత ఆరో మెయిల్‌లో ఎవరో పెట్టిన సర్టిఫికెట్, ఇరవైమూడో మెయిల్‌ని ఫార్వర్డ్ చేస్తే పోదు. అందుకున్నవాళ్లకి "జతపరిచిన సర్టిఫికెట్ చూడండి" అన్న వాక్యం కనిపిస్తుంది, సర్టిఫికెట్ కనిపించదు.

ఇంకొకటి, చాలామంది గమనించనిది. జీమెయిల్ ఒక మెయిల్ సుమారు 102 కేబీ దాటితే మిగతాది కత్తిరించి `[Message clipped]` అని చూపిస్తుంది, పూర్తిగా చూడాలంటే కింద ఉన్న లింకు నొక్కాలి. పొడవాటి చైన్లు, అందులోనూ రంగురంగుల సంతకాలు ఉన్నవి, ఈ హద్దు తేలిగ్గానే దాటతాయి. కత్తిరింపు పడేది అడుగున, అడుగున ఉండేది మొట్టమొదటి మెయిల్. గొడవ ఎక్కడ మొదలైందో చెప్పే భాగమే ముందు కనుమరుగవుతుందన్నమాట.

## ఒక ఉదాహరణ: మూడు కంటైనర్లు, ఇరవైమూడు మెయిళ్లు

ఈ లెక్కలన్నీ ఒక కేసు మీద పెట్టి చూస్తే స్పష్టంగా ఉంటుంది. ఇది నేను కల్పించిన కేసే, అయితే ఇందులో పనులు నడిచే తీరు మాత్రం ఈ లైనులో ఉన్నవాళ్లకి బాగా తెలిసినదే.

గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాక్టరీ సింగపూర్ నుంచి యంత్ర భాగాలు తెప్పించుకుంది. నలభై అడుగుల కంటైనర్లు మూడు, అన్నీ ఒకే బీఎల్ కింద. బీఎల్ అంటే బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఓడకి ఎక్కిందని షిప్పింగ్ లైన్ ఇచ్చే పత్రం. జూన్ 3న కంటైనర్లు విశాఖ కంటైనర్ టెర్మినల్‌లో దిగాయి. లైన్ ఇచ్చిన ఫ్రీ డేస్ 14, అంటే దిగిన రోజుతో కలిపి జూన్ 16 దాకా. ఆ గడువు దాటితే ఒక్కో కంటైనర్‌కి రోజుకి 80 డాలర్లు డిటెన్షన్.

డిటెన్షన్, డెమరేజ్ ఒకటే అనుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక మాట. సరుకు టెర్మినల్ స్థలంలో ఎక్కువ రోజులు ఉన్నందుకు కట్టే అద్దెను మనవాళ్లు డెమరేజ్ అనో గ్రౌండ్ రెంట్ అనో అంటారు. డిటెన్షన్ లైన్‌కి కట్టేది, వాళ్ల డబ్బాని మన దగ్గర ఉంచుకున్నందుకు. దిగుమతిలో అది సరుకు గేటు దాటగానే ఆగదు, ఖాళీ కంటైనర్‌ని లైన్ చెప్పిన యార్డులో అప్పగించే దాకా నడుస్తుంది. ఈ ముక్క మన కథలో పనికొస్తుంది.

జూన్ 9న క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో డాక్యుమెంట్లు చూసే అమ్మాయి ఒక తేడా పట్టుకుంది. రెండో కంటైనర్ బరువు ప్యాకింగ్ లిస్టులో 18,420 కిలోలు, బీఎల్‌లో 18,240. అంకెలు తారుమారయ్యాయి. బీఎల్‌లో ఉన్నదే లైన్ కస్టమ్స్‌కి ఇచ్చే సరుకు జాబితాలో, అంటే ఐజీఎంలో, ఎక్కింది కాబట్టి అక్కడా సవరణ కావాలి. లైన్‌కి మెయిల్ పెట్టింది. చైన్ మొదలు.

ఆరో మెయిల్‌లో, 10వ తేదీన, సరఫరాదారు తూకం సర్టిఫికెట్ జతపరిచాడు. తొమ్మిదో మెయిల్‌లో లైన్ విశాఖ ఆఫీసు, సింగపూర్ ఆఫీసు ధ్రువీకరిస్తేనే సవరిస్తామంది. పద్నాలుగో మెయిల్, 12వ తేదీ: సవరణ ఫీజు 5,000, జీఎస్టీ 18 శాతం కలిపి 5,900 రూపాయలు, ఫ్యాక్టరీ లెటర్‌హెడ్ మీద వినతి 13లోపు ఇస్తే అదనంగా అయిదు ఫ్రీ డేస్ ఇవ్వడానికి సిఫార్సు చేస్తాం.

ఇక్కడ చైన్ చీలింది. క్లియరింగ్ ఆఫీసు అమ్మాయి పద్నాలుగో మెయిల్‌కి రిప్లైగా వినతి పత్రం పెట్టి, సింగపూర్ వాళ్లని కలిపింది. ఆ కొమ్మ ఇరవైమూడో మెయిల్ దాకా సాగింది, 14వ తేదీన సింగపూర్ వాళ్ల జవాబుతో: "సోమవారం మధ్యాహ్నం 3లోపు ధ్రువీకరిస్తాం." ఈలోగా 13న లైన్ ముంబై ఆఫీసు కూడా అదే పద్నాలుగో మెయిల్‌కి విడిగా రిప్లై ఇచ్చింది: అయిదు కుదరదు, మూడు రోజులే. అది సమయం ప్రకారం పద్దెనిమిదో మెయిల్. క్లియరింగ్ ఆఫీసులో అకౌంట్స్ చూసే అతను "నోటెడ్" అని పంతొమ్మిదోది పంపాడు. ఆ కొమ్మ అక్కడితో ఆగింది.

14వ తేదీ శనివారం సాయంత్రం, ఆ అమ్మాయి ఇరవైమూడో మెయిల్‌ని ఫ్యాక్టరీ యజమానికి ఫార్వర్డ్ చేసింది. ఆమె స్క్రీన్ మీద ఇరవైమూడు ఉన్నాయి. ఆయనకి చేరిన దొంతరలో ఇరవై ఒకటే. లేని రెండింటిలో ఒకటి, మూడు రోజులే అన్న మెయిల్. తూకం సర్టిఫికెట్ కూడా వెళ్లలేదు.

ఇప్పుడు ఆ యజమాని చాలా శ్రద్ధ గల మనిషి అనుకుందాం. ఆదివారం కూర్చుని అడుగు నుంచి పైదాకా ప్రతి అక్షరం చదివాడు. ఆయనకి తేలేది ఏంటి? అయిదు రోజులు అదనంగా వస్తాయి, కాబట్టి గడువు జూన్ 21. లారీలని 20న పెట్టుకుని ఖాళీలు 21న అప్పగిస్తే సరిపోతుంది. అసలు గడువు 19. రెండు రోజులు, మూడు కంటైనర్లు, రోజుకి 80 డాలర్లు: మొత్తం 480 డాలర్ల బిల్లు. శ్రద్ధగా చదివినందువల్లే వచ్చిన బిల్లు అది, చదవకుండా ఫోన్ చేసి అడిగి ఉంటే వచ్చేది కాదేమో.

ఇంకో చిన్న చిక్కు కూడా అందులోనే ఉంది. సింగపూర్ వాళ్లు చెప్పిన మధ్యాహ్నం 3 వాళ్ల గడియారం ప్రకారం. అది మనకంటే రెండున్నర గంటలు ముందు, కాబట్టి మనకి పన్నెండున్నర. చైన్‌లో ప్రతి మెయిల్ పైనా కనిపించే తేదీ, సమయం కూడా సాధారణంగా ఆ రిప్లై రాసినవాళ్ల కంప్యూటర్ లెక్కలో పడతాయి, వాటిని వరసగా చదువుతూ పోతే ఏది ముందు ఏది తర్వాత అన్నదే ఒక్కోసారి తారుమారు అవుతుంది.

## అదే మెయిల్, పైన సారాంశంతో

సారాంశం పేరుతో మామూలుగా రాసేది ఇలా ఉంటుంది: "సార్, బరువు తేడా విషయమై లైన్‌తో మాట్లాడుతున్నాం, సింగపూర్ నుంచి కన్ఫర్మేషన్ రావాలి, ఫాలోఅప్ చేస్తున్నాం, చూడగలరు." ఇందులో అబద్ధం లేదు. కానీ ఇది ఇప్పటిదాకా మనం ఏం చేశామో చెప్పే మాట, ఆయన ఏం చేయాలో చెప్పేది కాదు. ఫీజు లేదు, గడువు లేదు. చదివి "సరే" అనుకుని పక్కన పెట్టేస్తారు.

నిజంగా పనికొచ్చేది ఈ కేసులో ఇలా ఉండాలి. ఆఫీసుల్లో ఇది ఇంగ్లీషులోనే వెళ్తుంది, విషయం కోసం తెలుగులో రాస్తున్నా.

> విషయం: సోమవారం (16) ఉదయం 11లోపు మీ అప్రూవల్ కావాలి – బరువు సవరణ ఫీజు రూ. 5,900
>
> సార్,
>
> రెండో కంటైనర్ బరువు బీఎల్‌లో 18,240 కిలోలు అని పడింది, సరైనది 18,420. ఐజీఎంలో సవరించడానికి లైన్ రూ. 5,900 (జీఎస్టీతో) అడుగుతోంది. దీనికి మీ అప్రూవల్ సోమవారం ఉదయం 11లోపు కావాలి.
>
> ఖాళీ కంటైనర్లు యార్డుకి అప్పగించడానికి ఆఖరి రోజు జూన్ 19. లైన్ విశాఖ ఆఫీసు 12న అయిదు రోజులు అదనంగా అంది, ముంబై ఆఫీసు 13న దాన్ని మూడుకి తగ్గించింది. ఆ మెయిల్ కింది చైన్‌లో రాదు, విడిగా జతపరిచాను. 19 దాటితే మూడింటికి కలిపి రోజుకి 240 డాలర్లు.
>
> ఇంకా రావాల్సింది: సింగపూర్ ధ్రువీకరణ, సోమవారం మన టైం 12.30కి ఇస్తామన్నారు.
>
> నా అభిప్రాయం: ధ్రువీకరణ కోసం ఆగకుండా ఫీజు ముందే కట్టేస్తే మంచిది, 18న లారీలు పెట్టుకోవచ్చు.
>
> జతపరిచినవి: తూకం సర్టిఫికెట్, ముంబై ఆఫీసు 13వ తేదీ మెయిల్. కింది చైన్‌లో చూడాలనుకుంటే 12వ తేదీ లైన్ మెయిల్ ఒక్కటి చాలు.
>
> (ఇది జూన్ 14 సాయంత్రం 5 గంటలకు ఉన్న పరిస్థితి.)

ఇది రాయడానికి ఆ అమ్మాయికి పావుగంట పట్టిందనుకుందాం, ఆ పావుగంటలో ఎక్కువ భాగం ఏ గడువు నిజమో సరిచూసుకోవడానికే పోతుంది. అసలు లాభం అక్కడే ఉంది. 18వ మెయిల్‌ని అకౌంట్స్ అతను "నోటెడ్" అని వదిలేశాడు. గడువు తేదీని సొంత మాటల్లో రాయాల్సి వచ్చినప్పుడు అయిదా మూడా అన్న ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. ఉత్త ఫార్వర్డ్ కొడితే అది ఎదురవ్వదు, అలాగే అవతలివాళ్ల నెత్తికి చేరుతుంది.

సారాంశంలో మూడు సంగతులు గమనించండి. మారిపోయిన విషయాన్ని, మారిందని చెప్తూ రాసింది, పాత అంకె ఎక్కడో కింద కనిపిస్తుంది కాబట్టి. "మూడు రోజులు" అని మాత్రమే రాసి వదిలేస్తే, ఆయన కింద అయిదు చూసి ఈ అమ్మాయే తప్పు రాసిందనుకునే అవకాశం ఉంది. తన అభిప్రాయాన్ని జరిగిన విషయాల్లో కలపకుండా విడిగా పెట్టింది. ఆఖర్న తేదీ, సమయం వేసింది, ఎందుకంటే సోమవారం ఎవరో దీని మీద రిప్లై ఇస్తారు, ఈ సారాంశం కూడా కిందికి జరిగి చైన్‌లో ఇంకో పాత మెయిల్ అవుతుంది. బుధవారం దాన్ని చదివినవాళ్లకి అది ఏనాటి మాటో తెలియాలి.

## "అసలు చూడకుండా సారాంశాన్ని నమ్మొచ్చా?"

ఇప్పుడు అవతలి వాదనకి రావాలి, అందులో బలం ఉంది.

ఆడిట్ చేసేవాళ్లు, లాయర్లు, ఫిర్యాదులు విచారించేవాళ్లు సారాంశాలని అనుమానంగానే చూస్తారు. సారాంశం రాసే మనిషి ఏది ముఖ్యమో తనే నిర్ణయిస్తాడు. తన ఆఫీసు ఆలస్యం చేసిన రెండు రోజులు అందులో రాకపోవచ్చు, అవతలివాళ్ల ఆలస్యం మాత్రం తేదీలతో సహా రావచ్చు. మన కేసులోనే చూడండి, కంటైనర్లు 3న దిగితే తేడా 9న పట్టుకున్నారు, మధ్యలో ఆరు రోజులు ఏమయ్యాయన్నది పైన రాసిన సారాంశంలో లేదు. అప్రూవల్ ఇవ్వడానికి అది అక్కర్లేదు, నిజమే. కానీ రేపు డిటెన్షన్ పడితే ఎవరు భరించాలన్న ప్రశ్న వస్తే అదే ముఖ్యమైన విషయం. అప్పుడు యజమాని సారాంశం మీద ఆధారపడకూడదు.

ఇంకో అభ్యంతరం రాసేవాళ్ల వైపు నుంచి. "నేను జూనియర్ని, తప్పు రాస్తే నా మీదకి వస్తుంది, చైన్ పంపితే అందులో ఏముంటే అదే" అంటారు. ఇది పిరికితనం అని కొట్టిపారేసే మాట కాదు. చాలా ఆఫీసుల్లో ఒక్క తప్పు లైన్ రాసినవాడికి చీవాట్లు పడతాయి, ఏమీ రాయనివాడికి పడవు. అలాంటి చోట జూనియర్లు ఏమీ రాయకపోవడంలో ఆశ్చర్యం లేదు, దాన్ని మార్చాల్సింది పైనున్నవాళ్లు.

ఈ రెండు అభ్యంతరాలకీ మన ప్రభుత్వ ఆఫీసుల్లో ఎప్పటి నుంచో ఒక ఏర్పాటు ఉంది. కలెక్టరేట్‌లో గానీ ఇంకే ప్రభుత్వ ఆఫీసులో గానీ ఫైలు నడిచే పద్ధతి తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. వచ్చిన ఉత్తరాలు, పంపిన ఉత్తరాలు కరెంట్ ఫైలులో ఉంటాయి. వాటి మీద సిబ్బంది రాసే నోట్ విడిగా నోట్ ఫైలులో ఉంటుంది. నోట్‌లో పేరాలకి నంబర్లు ఉంటాయి, ఏ ఉత్తరం గురించి మాట్లాడుతున్నారో పేజీ నంబరు ఉంటుంది, అధికారికి అనుమానం వస్తే ఆ పేజీ తిప్పి చూసుకుంటాడు. కేంద్ర సచివాలయం ఆఫీస్ ప్రొసీజర్ మాన్యువల్‌లో అయితే "రన్నింగ్ సమ్మరీ ఆఫ్ ఫ్యాక్ట్స్" అని ఒక పత్రం గురించే ఉంది: కేసులో జరిగిన విషయాల సారాంశం, ముఖ్యమైన మార్పు వచ్చినప్పుడల్లా దాన్ని తాజా చేస్తూ పోవాలి. ఫైలు ఎంత లావైనా పై అధికారి మొదటి పేజీ నుంచి చదవాల్సిన పని లేకుండా.

అమెరికా సైన్యం వాళ్ల ఉత్తరప్రత్యుత్తరాల నియమావళి, ఏఆర్ 25-50, వేరే దారిలో అక్కడికే వస్తుంది, అసలు విషయం మొదట్లోనే చెప్పాలంటుంది. అయితే మన నోట్ ఫైలు పద్ధతిలో నాకు నచ్చేది ఆ పేజీ నంబరు. ముందు చెప్పడం ఒక్కటే కాదు, చెప్పిన ప్రతి మాటకీ మూలం ఎక్కడుందో చూపించడం. సారాంశం రాసినవాడిని నమ్మాలా వద్దా అన్న ప్రశ్న దానితో చాలావరకు తీరిపోతుంది, కావలసినవాడు వెళ్లి చూసుకుంటాడు. మెయిల్‌లో పేజీ నంబర్లు ఉండవు కాబట్టి "12వ తేదీ లైన్ మెయిల్" అని తేదీ, పంపినవాళ్ల పేరు రాస్తే అదే పని చేస్తుంది.

వివాదం దాకా వెళ్లేలా ఉంటే మాత్రం మామూలు ఫార్వర్డ్ కూడా చాలదు. ఫార్వర్డ్ చేసేటప్పుడు కింద ఉన్న రాతని ఎవరైనా మార్చొచ్చు, అది ఉత్త కాపీ కదా. జీమెయిల్‌లోనూ అవుట్‌లుక్‌లోనూ మెయిల్‌నే ఒక ఫైలుగా జతపరిచే వీలుంది, జీమెయిల్‌లో దాని పేరు `Forward as attachment`. దాని వల్ల ఆ మెయిల్ వచ్చిన దారి వివరాలతో, దానికున్న అటాచ్‌మెంట్లతో సహా విడి ఫైలుగా వెళ్తుంది. పైన కేసులో ముంబై ఆఫీసు మెయిల్‌ని జతపరచాల్సింది ఇలాగే. మొత్తం సంభాషణని ఒకేసారి పంపాలంటే జీమెయిల్ కంప్యూటర్ వెర్షన్‌లో సంభాషణ పైనున్న మెనూలో `Forward all` ఉంటుంది, రెండు కొమ్మలూ పోతాయి. పోతాయి గానీ చదివేవాళ్లకి ఏ కొమ్మ ఎక్కడ చీలిందో అప్పుడూ తెలియదు, కాబట్టి పైన రాసే పని తప్పదు.

## చైన్‌ని కత్తిరించాల్సిన చోట్లు

కింద ఉన్నదంతా పంపాలా అన్నది విడి ప్రశ్న. ఒకే ఆఫీసులో వాళ్లకి అయితే పంపడమే మేలు. బయటివాళ్లకి అయితే ఒకసారి అడుగు దాకా చూసి పంపాలి. క్లియరింగ్ ఆఫీసు చైన్‌లో ఎక్కడో పదో మెయిల్‌లో లోపలివాళ్లు మాట్లాడుకున్న మాట ఉంటుంది, ఈ పార్టీకి ఎంత వేసుకుందాం, లారీ వాడు మనకి ఎంతకిస్తున్నాడు అని. అది కూడా దొంతరలో అలాగే కస్టమర్‌కి చేరిపోతుంది. సారాంశం రాసే అలవాటు ఉన్నవాళ్లు కిందిదంతా ఎలాగూ చదువుతారు కాబట్టి ఇలాంటివి వాళ్ల కంట్లో పడతాయి, ఇది ఎవరూ లెక్కలోకి తీసుకోని లాభం.

కత్తిరిస్తే కత్తిరించానని చెప్పాలి. "మా అంతర్గత మెయిళ్లు తీసేసి పంపుతున్నాను" అన్న ఒక్క వాక్యం చాలు. చెప్పకుండా తీసేస్తే, అవతలివాళ్లు ఇంకెవరి దగ్గరో పూర్తి చైన్ చూసిన రోజున అది దాచినట్టే కనిపిస్తుంది.

సారాంశం అక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. రెండు మూడు మెయిళ్ల చైన్‌కి అవసరం లేదు. మొదటి నుంచీ సీసీలో ఉన్న మనిషికి మొత్తం కథ మళ్లీ చెప్పక్కర్లేదు, "మీరు 11న చూసిన తర్వాత మారింది ఇదీ" అని చెప్తే చాలు. విషయం తనకే సరిగ్గా అర్థం కానివాళ్లు పూర్తి సారాంశం రాయబోతే నష్టమే ఎక్కువ. అప్పుడు "గడువు 19 అని నాకు అర్థమైంది, 12, 13 తేదీల మెయిళ్లు రెండూ చూసి సరిచూడగలరు" అని రాయడం నిజాయితీగా ఉంటుంది, చదివేవాళ్లకి ఎక్కడ తవ్వాలో కూడా తెలుస్తుంది.

## సోమవారం తర్వాత

మన కేసులో సోమవారం ఉదయం పదిన్నరకి యజమాని ఫోన్‌లోనే "అప్రూవ్డ్, లారీలు 18కి పెట్టండి" అని రిప్లై ఇచ్చాడు అనుకుందాం. ఫీజు కట్టారు. సింగపూర్ ధ్రువీకరణ పన్నెండున్నరకి రాలేదు, సాయంత్రం నాలుగుకి వచ్చింది. ఐజీఎం సవరణ మంగళవారానికి జరిగింది. ఇప్పుడు లారీల ట్రాన్స్‌పోర్టర్‌ని చైన్‌లోకి తేవాలి, ఆయనకి బరువు తేడా కథతో పనేమీ లేదు.

ఆయనకి ఆ చైన్‌ని ఫార్వర్డ్ చేయకపోవడమే సరైన పని. యజమాని కోసం రాసిన సారాంశం కూడా ఆయనకి పనికిరాదు, అందులో ఆయన చేయాల్సింది లేదు. కొత్త మెయిల్, కొత్త విషయం లైను, కింద ఏమీ లేకుండా: మూడు నలభై అడుగుల కంటైనర్లు, 18న టెర్మినల్ నుంచి ఆటోనగర్‌కి, ఖాళీలు 19 సాయంత్రంలోగా లైన్ చెప్పిన యార్డులో అప్పగించాలి, యార్డు పేరు డెలివరీ ఆర్డర్‌లో ఉంది, జతపరిచాం, అప్పగించిన రసీదు ఫొటో అదే రోజు పంపాలి. ఆ రసీదు మీద ఉన్న తేదీతోనే డిటెన్షన్ లెక్క ఆగుతుంది.